పక్కకు తిరిగిన ముఖానికి కొత్త క్రాఫు

ఎదురుగా తీసిన ఫొటోలో జుట్టు మార్చడం కొంత తేలిక. ముఖం పక్కకు తిరిగితే లెక్క మారుతుంది. భుజాల మీదికి జారిన జుట్టున్న అమ్మాయి ఫొటోను ఎడిటింగ్‌లో పొట్టి క్రాఫుకు మార్చాలనుకుందాం. జుట్టు చెరపగానే కెమెరాకు చిక్కని చెవి, మెడ కొత్తగా గీయాల్సి వస్తుంది.

ముందు చెవి. తల నిటారుగా ఉంటే దాని పైఅంచు దాదాపు కనుబొమ ఎత్తులో, తమ్మె ముక్కు అడుగు ఎత్తులో ఉంటాయి. పూర్తి పక్కచూపులో అది తల మధ్యగీతకు కాస్త వెనకే ఉంటుంది. ముఖం కెమెరా వైపు తిరిగేకొద్దీ చెవి సన్నగా కనిపిస్తుంది.

ఎక్కువమంది పొరబడేది తల వెనక భాగంలో. నుదుటి నుంచి వెనక్కి ఉన్న లోతు, నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. జుట్టును ఆ లోతు చూడకుండా అతికిస్తే తల చప్పిడిగా తేలుతుంది. అందుకే ముందు పుర్రె గీత వేసుకుని, దాని బయట జుట్టు మందం చేర్చాలి.

చివరికి మెడ. అది భుజాల నుంచి కొంచెం ముందుకు వాలి తలను చేరుతుంది. దాని మీద పాత జుట్టు నీడ మిగిలిపోతే మార్పు బయటపడుతుంది. ఆ నీడ తీసేసి, వెలుతురు వచ్చే దిక్కును బట్టి కొత్త క్రాఫు నీడ వేయాలి. తర్వాత బొమ్మను కుడిఎడమలు తిప్పి చూస్తే మిగిలిన వంకరలు కంటికి ఆనతాయి.