మీకు తెలుసా? పసిబిడ్డ తుంటికి ఆరో వారంలోనే స్కానింగ్ ఎందుకు?

పుట్టిన బిడ్డ తుంటికి ఎక్స్‌రే తీస్తే, తొడ ఎముక పైనుండే గుండు కనపడనే కనపడదు. అప్పటికి అది ఎముక కాదు, మెత్తటి మృదులాస్థి. నాలుగో నెల, ఆరో నెల మధ్య గానీ అందులో ఎముక చుక్క తేలదు. అల్ట్రాసౌండ్‌లో మాత్రం ఆ గుండూ, అది కూర్చునే గిన్నే రెండూ కనిపిస్తాయి. 1980లో ఆస్ట్రియాకు చెందిన ఎముకల డాక్టరు రైన్‌హార్డ్ గ్రాఫ్ ఈ పద్ధతిని ప్రపంచానికి చూపించారు.

గిన్నె లోతు చాలకపోతే గుండు పక్కకు జారుతుంది. బిడ్డకు నొప్పి ఉండదు కాబట్టి ఏడవదు, కాళ్లూ ఆడిస్తూనే ఉంటుంది. నడక వచ్చి కుంటుతున్నప్పుడు ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. అప్పటికి చాలామంది పిల్లలకు ఆపరేషన్ తప్పదు.

ఎవరికి స్కానింగ్ తప్పనిసరి? కడుపులో నెలలు నిండే సమయానికి ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డకు, తల్లికో తండ్రికో తోబుట్టువుకో చిన్నప్పుడు ఈ సమస్య ఉన్న బిడ్డకు. "సిజేరియన్ చేశారు కదా, ఇంకేం భయం" అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. తుంటి మీద ఒత్తిడి పడింది కడుపులోనే. చివర్లో తల కిందికి తిరిగినా స్కానింగ్ చేయించాల్సిందే. ఈ సమస్య ఆడపిల్లల్లో ఎక్కువ, ఎడమ తుంటికి ఎక్కువ.

ఇక ఆరో వారం సంగతి. మొదటి రోజుల్లో చాలామంది పిల్లల తుంటి కాస్త పచ్చిగానే ఉంటుంది, తర్వాత దానంతటదే గట్టిపడుతుంది. మరీ తొందరపడి స్కాన్ తీస్తే, అక్కర్లేని బిడ్డకూ పట్టీలు కట్టే ప్రమాదం ఉంది. అయితే డాక్టరు చేత్తో చూసినప్పుడు గుండు జారి 'కటక్'మన్నట్టు తగిలితే, ఆరు వారాలు ఆగకూడదు.

రిపోర్టులో ముందు చూడాల్సింది ఆల్ఫా కోణం. అది 60 డిగ్రీలు, ఆపైన ఉంటే గిన్నె బాగున్నట్టు. మూడు నెలల లోపు బిడ్డకు 50 నుంచి 59 మధ్య ఉంటే సాధారణంగా కొన్ని వారాలాగి మళ్లీ చూస్తారు. 50 లోపైతే వైద్యం మొదలుపెడతారు.

ఒక పాపను ఊహించుకుందాం. తొలి కాన్పు, ఎదురుకాళ్లు, సిజేరియన్. ఆరో వారంలో కుడివైపు 62, ఎడమవైపు 46. డాక్టరు పావ్లిక్ హార్నెస్ కట్టారు. భుజాల మీదుగా వచ్చే మెత్తటి పట్టీలు కాళ్లను కప్పకాళ్లలా మడిచి, పక్కలకు తెరిచి ఉంచుతాయి. అలా ఉన్నప్పుడు గుండు గిన్నె నడిమధ్యకు ఒదుగుతుంది, గిన్నె దాని చుట్టూ పెరుగుతుంది. మొదట్లో దాదాపు రోజంతా, రాత్రంతా ఉంచాలి. నీళ్లు పోయడానికి కూడా డాక్టరు చెప్పేదాకా విప్పొద్దు, తడిగుడ్డతో తుడవండి. చొక్కా, డైపరు పట్టీల కిందికి రావాలి. డైపరు మార్చేటప్పుడు మడమలు పట్టి పైకెత్తకండి, పిరుదుల కింద చెయ్యి పెట్టి లేపండి. పట్టీ ఎక్కడికి బిగించారో పెన్నుతో గీత పెట్టమని డాక్టరునే అడగండి. ఇంట్లో ఎవరూ దాన్ని సవరించకూడదు.

ఒక్క గుర్తు మాత్రం రోజూ చూసుకోండి. బిడ్డ మోకాలు చాచి తన్నుతూ ఉండాలి. ఒక కాలితో తన్నడం మానేసిందంటే, తొడ మరీ ఎక్కువగా మడిచినందువల్ల నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పట్టీ వదులు చేస్తే చాలావరకు కోలుకుంటుంది.

మధ్యమధ్య స్కాన్‌లు బాగవుతోందని చూసుకోవడానికే కాదు. గిన్నెలోంచి పూర్తిగా తప్పుకున్న గుండు మూడు, నాలుగు వారాల్లో లోపలికి రాకపోతే హార్నెస్ ఆపేయాలి. కొనసాగిస్తే గిన్నె వెనక అంచు అరిగి తుంటి ఇంకా పాడవుతుంది. మన పాపకు ఆ ఇబ్బంది రాలేదు. హార్నెస్ కట్టాక మూడో వారం స్కాన్‌లో ఎడమవైపు 54, ఆరో వారంలో 61. ఆ తర్వాత కొన్నాళ్లకు డాక్టరు హార్నెస్ తీసేశారు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట. నూనె రాసి కాళ్లు సాగదీయడం, పాత చీరలో కాళ్లు నిటారుగా బిగించి చుట్టడం మానండి. కాళ్లు చాచి కట్టొద్దని జపాన్‌లో 1975లో ప్రచారం చేశాక అక్కడ ఈ సమస్య బాగా తగ్గింది. మెడ నిలిచాక చంకనెత్తుకోవడం మాత్రం మంచిదే, అందులో తొడలు తెరుచుకునే ఉంటాయి.

హార్నెస్ తీసేసిన రోజే చాలా ఇళ్లలో ఈ సంగతి మరిచిపోతారు. కానీ బాగైన తుంటి కూడా పెరుగుదలలో మళ్లీ లోతు తగ్గొచ్చు. అందుకే ఆరో నెలలో ఒక ఎక్స్‌రే, నడక వచ్చాక ఇంకొకటి, ఆపైన డాక్టరు చెప్పినప్పుడల్లా తీయించాలి. ఆరో నెల తేదీని బిడ్డ టీకాల కార్డు మీద ఈరోజే రాసిపెట్టుకోండి.