థాయ్‌లో కొర్రమీను బేరం

ఏలూరు చేపల మార్కెట్లో "కొర్రమీను రెండు కిలోలు తూయమ్మా" అంటాం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలు కొనేవాళ్లు "ఉల్లిపాయలు పది బస్తాలు" అంటారు. ముందు సరుకు పేరు, తర్వాత అంకె, ఆ తర్వాత కొలత. థాయ్ భాషలో లెక్క చెప్పే వరస సరిగ్గా ఇదే. కొల్లేటి కొర్రమీను థాయ్‌లాండ్ చెరువుల్లోనూ ఉంటుంది. వాళ్లు దాన్ని ప్లా ఛోన్ అంటారు, ప్లా అంటే చేప. రెండు కిలోలు కావాలంటే "ప్లా ఛోన్ సోంగ్ కిలో" అంటే చాలు. ఇంతవరకు మనవాళ్లకు కొత్తేమీ లేదు.

చిక్కు తూకం లేనప్పుడు వస్తుంది. కిలోలు వద్దు, రెండు చేపలు కావాలనుకోండి. మనం "రెండు చేపలు" అనేస్తాం. థాయ్‌లో ప్లా అనే మాటకు బహువచనం లేదు, అంకెను దాని పక్కన నేరుగా పెట్టడమూ కుదరదు. అంకె తర్వాత, ఆ వస్తువు ఏ కోవకు చెందిందో చెప్పే మాట ఒకటి రావాలి. చేపకు ఆ మాట తువా. తువా అంటే ఒళ్లు. కాబట్టి "ప్లా ఛోన్ సోంగ్ తువా" అనాలి: కొర్రమీను, రెండు, ఒళ్లు. ఇలాంటి మాటలను భాషాశాస్త్రంలో వర్గసూచకాలు అంటారు.

బేరంలో దీని పని ఇంకా బాగా తెలుస్తుంది. "ఈ చేప" అనడానికి "ప్లా తువా నీ" అంటారు. నీ అంటే ఇది. లెక్క లేకపోయినా తువా వచ్చి కూర్చుంది చూడండి. చేప సంగతి ఇద్దరికీ తెలిశాక ప్లా అనడం మానేస్తారు; "తువా నీ" అంటేనే "ఇది" అని అర్థం. ధర అడిగితే "తువా ల 50 బాత్" అంటుంది అమ్మే ఆవిడ, ఒక్కోటి 50 బాత్‌లు అని. అదే "కిలో ల 150" అంటే కిలో 150. ఈ "ల" ముందు తువా ఉందా కిలో ఉందా అన్నది వినకపోతే ధర తలకిందులవుతుంది. సంతలో అన్నిటికన్నా ముందు చెవికి పట్టాల్సింది ఈ ముక్కే.

ఏ వస్తువుకు ఏ మాట అన్నది కొంత తర్కం, కొంత అలవాటు. రొయ్యకు, గేదెకు, కొంగకు తువా. బల్లకు, కుర్చీకి, చొక్కాకు కూడా తువాయే. బల్లకు కాళ్లు, చొక్కాకు చేతులు ఉన్నాయని సరిపెట్టుకోవచ్చు; అక్షరాలను కూడా తువాతోనే లెక్కపెడతారు, దానికి మాత్రం బట్టీ తప్ప దారి లేదు. పడవకు లమ్, విమానానికీ లమ్మే. పుస్తకానికి, కత్తికి, ఎడ్లబండికి ఒకటే మాట, లెమ్. గుడ్డుకు ఫోంగ్. మనిషికి ఖొన్, కానీ బౌద్ధ భిక్షువును ఖొన్‌తో లెక్కపెట్టరు, ఆయనకు రూప్ అనాలి. గుర్తురాకపోతే చిన్నాచితకా వస్తువులకు "అన్" అనేసి గట్టెక్కవచ్చు. మనుషుల దగ్గర ఆ వెసులుబాటు లేదు. మనిషిని తువాతో లెక్కపెడితే తిట్టినట్టే.

ఇది మనకు బొత్తిగా తెలియని వ్యవహారం కాదు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అన్నవి మనుషులకే. గేదెలు మూడే, ముగ్గురు కావు. ఏడు దాటాక "పదిమంది మనుషులు", "ఇరవైమంది కూలీలు" అంటాం. ఆ "మంది" చేసే పని అచ్చంగా ఖొన్ చేసే పనే. తెలుగు ప్రపంచాన్ని మనుషులు, మిగిలినవి అని రెండు ముక్కలు చేసి ఊరుకుంది. థాయ్ ఆ మిగిలినవాటిని కూడా పడవలని, గుడ్లని, కత్తులని విడగొట్టుకుంటూ పోయింది.

ఇక క్రియల సంగతి. కిన్ అంటే తిను. "నిన్న నేను కొర్రమీను తిన్నాను" అనడానికి "మూవాన్ ఫోమ్ కిన్ ప్లా ఛోన్" అంటారు. "రేపు తింటాను" అనాలంటే మూవాన్ తీసేసి "ఫ్రుంగ్‌నీ" పెడతారు. ఫోమ్ అన్నది మగవాళ్లు వాడే "నేను". కిన్ మాత్రం కదలదు, మెదలదు. కాలం అంతా నిన్న, రేపు అన్న మాటల్లోనే ఉంది.

పెద్ద కబురు చెప్పేటప్పుడు కాలం మాట ప్రతి వాక్యంలోనూ రాదు. మొదట ఒకసారి చెబితే, మరో కాలం మాట వచ్చేదాకా అదే నడుస్తుంది. థాయ్ తీరులో తెలుగు మాటలు పేర్చితే ఇలా ఉంటుంది: "పోయిన ఏడాది నేను కొల్లేరు వెళ్లు. ఆటపాక దగ్గర పడవ ఎక్కు. గూడబాతు చాలా చూడు. ఇప్పుడు ఏలూరులో ఉండు." మొదటి మూడూ జరిగిపోయినవని "పోయిన ఏడాది" చెప్పింది, "ఇప్పుడు" రాగానే కాలం మారింది. ఎక్కడా తికమక లేదు.

మన క్రియలు కూడా అన్ని కాలాలనూ వేరు చేయవు. "రేపు వస్తాను", "రోజూ వస్తాను" రెండింట్లో క్రియ ఒకటే. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో దీన్ని భవిష్యత్తు, అలవాటు రెండూ కలిసిన రూపంగానే చూపారు. ఆ రెండింటిని విడదీసేది రేపు, రోజూ అన్న మాటలే.

నేర్చుకునేవాళ్లు బోల్తాపడేది లేవ్, చ అనే రెండు చిన్న మాటల దగ్గర. క్రియ తర్వాత లేవ్ వస్తే అయిపోయినట్టని, క్రియ ముందు చ వస్తే జరగబోయేదని పాఠాల్లో మొదట చెబుతారు. "కిన్ లేవ్" అంటే తినేశాను, "చ కిన్" అంటే తింటాను. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఆపైన మబ్బు పట్టిన ఓ సాయంత్రం ఎవరో "ఫొన్ చ తొక్ లేవ్" అంటారు. ఫొన్ వాన, తొక్ పడు. చ, లేవ్ ఒకే వాక్యంలో ఉన్నాయి! వాన పడిందా, పడబోతోందా? పడబోతోంది. లేవ్ చెప్పేది భూతకాలం కాదు, పరిస్థితి మారిందని. ఇందాక వాన సూచన లేదు, ఇప్పుడు వచ్చేసింది అని. చ కూడా అంతే, అది భవిష్యత్తుకు కట్టుబడిన మాట కాదు. "నిన్న వెళ్దామనుకున్నా, వాన పడింది" అనడానికి "మూవాన్ ఫోమ్ చ పై, తే ఫొన్ తొక్" అంటారు. పై అంటే వెళ్లు, తే అంటే కానీ. నిన్నటి మాటలో చ ఎలా వచ్చిందని కంగారుపడక్కర్లేదు. అది అనుకున్న పనిని చెబుతోంది, ఆ అనుకోవడం నిన్నటిదైనా సరే.

కాదనడంలో మాత్రం థాయ్ మనకు దగ్గరగా ఉంటుంది. "మై పై" అంటే వెళ్లను. ఇప్పుడు వెళ్లకపోయినా, ఎప్పుడూ వెళ్లకపోయినా అదే మాట, మన "వెళ్లను" లాగే. "మై దాయ్ పై" అంటే వెళ్లలేదు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు ఈ రెండింటితో తంటాలు పడతారు. వెళ్లను, వెళ్లలేదు అని తెలుగులో అనుకుంటే ఏది వాడాలో ఇట్టే తేలిపోతుంది.

కాబట్టి థాయ్ మొదలుపెట్టేవాళ్లు క్రియల పట్టికల కోసం వెతుక్కోవద్దు, అవి లేవు. నిన్న, ఇందాక, ఇప్పుడు, రేపు అన్న మాటలు, వాటితోపాటు తువా, ఖొన్, అన్ ముందు నోటికి పట్టించండి. ఏ కొత్త పేరు నేర్చినా దాని లెక్కమాటను కూడా అప్పుడే నేర్చేయండి, తర్వాత చూద్దామంటే అది రాదు.