ఐదో వాక్యంలో దాగిన మొదటి మాట

“అందరికీ నమస్కారం. వేసవి వచ్చిందంటే తెలుగువారికి గుర్తొచ్చేది ఆవకాయ. మా ఇంట్లో ఏటా పెడతాం. అమ్మమ్మ చేతి కొలతలే మాకు ఆధారం. నిరుడు ముక్కల తడి ఆరకముందే కారం కలపడంతో రెండు జాడీలు బూజు పట్టి పారబోశాను...”

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ రాసిన పోస్టు అనుకుందాం. మొదటి నాలుగు వాక్యాల్లో తప్పేమీ లేదు, చదివేవారికి కొత్తదీ లేదు. ఏ పచ్చళ్ల దుకాణమైనా ఆ మాటలే రాసుకోవచ్చు. ఐదోది మాత్రం ఆవిడ ఒక్కరే రాయగలిగింది. ఫోన్‌లో జరుగుతున్న వేలు అక్కడిదాకా రాదు. ఫేస్‌బుక్ పొడవైన పోస్టులో మొదటి కొన్ని లైన్లే చూపించి, మిగతాది ‘ఇంకా చూడండి’ వెనక దాచేస్తుంది.

తిరగరాసేటప్పుడు కొత్త మెరుపు వాక్యం కోసం తడుముకోనక్కర్లేదు. సాధారణంగా అది చిత్తుప్రతి మధ్యలోనే ఉంటుంది. అమెరికాలో పేరుపొందిన ప్రకటనల రచయిత డేవిడ్ ఒగిల్వీ 1958లో రోల్స్ రాయిస్ కారుకు చేసిన పని ఇదే. గంటకు అరవై మైళ్ల వేగంలోనూ కారులో పెద్దగా వినిపించేది గడియారం చప్పుడేనన్న శీర్షిక ఆయన ఊహించింది కాదు. కారు గురించి వచ్చిన రాతలన్నీ వారాల తరబడి చదువుతుంటే దొరికింది. నిశ్శబ్దం అనే మాట లేకుండానే నిశ్శబ్దం వినిపించింది.

ఆవకాయ పోస్టులోనూ అంతే. ఐదో వాక్యాన్ని పైకి తెస్తే సరిపోదు, విరవాలి కూడా. తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యం పొడవైతే అసలు సంగతి తెరకు అందకముందే తెగిపోతుంది. కాబట్టి: “నిరుడు రెండు జాడీల ఆవకాయ పారబోశాను. ముక్కల తడి ఆరకముందే కారం కలిపాను.” పారబోశాననే మాట తొలి లైన్లలోనే కనబడుతుంది. తర్వాత ఏం చేసిందన్న ప్రశ్న చదివేవారిలో పుడుతుంది. వెంటనే జవాబు రావాలి: ఈసారి ఒక్కో ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే కలిపింది.

“మీకు ఆవకాయ ఇష్టమా?” అని మొదలుపెడితే మనసులోనే అవుననుకుని ముందుకు వెళ్లిపోతారు. “ఈ ఒక్క తప్పు తెలిస్తే షాకవుతారు” అంటే కొందరు ఆగుతారు. కానీ లోపల ఉన్నది తడి ముక్కల సంగతేనని తెలిశాక, మరోసారి ఆవిడ పేరు కనిపిస్తే ఆగరు. పచ్చడి అమ్మే మనిషికి అది పెద్ద నష్టం.

మీ పాత పోస్టు ఒకటి తీసి, మీరు తప్ప మరొకరు రాయలేని వాక్యం కింద గీత గీయండి. దానికి పైనున్నదంతా చెరిపి, ఎదుటివారికి చదివి వినిపించండి. “అయితే ఏమైంది?” అని అడిగితే అదే మొదటి వాక్యం. నమస్కారమూ ధరా ఫోన్ నంబరూ చివర్లో పెట్టండి.