బిడ్డ వేలితో చూపుతున్నాడా?

సరిహద్దు గ్రామాలలో ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో వినిపిస్తుంది. అందువల్ల రెండవ ఏట కూడా మాటలు రాని బిడ్డను చూసి, రెండు భాషల మధ్య తికమక పడుతున్నాడని పెద్దలు సరిపెట్టుకుంటారు. నిజానికి రెండు భాషలు వినడం ఆటిజానికి కారణం కాదు. పైగా మాటకన్నా ముందే వచ్చే ఒక సంజ్ఞకు ఏ భాషతోనూ పనిలేదు. అదే వేలితో చూపడం.

ఇది రెండు విధాలు. కావలసిన వస్తువును అడగడానికి చూపడం మొదటిది. ఆకాశంలో విమానాన్ని చూపి, "నీవూ చూశావా?" అన్నట్లు తల్లి ముఖం వైపు తిరగడం రెండవది. ఏడాదిన్నర నాటికి సాధారణంగా ఈ రెండూ కనబడతాయి. ఆటిజం ఉన్న పిల్లలలో రెండవది ముఖ్యంగా లోపిస్తుంది. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, కళ్లలోకి అరుదుగా చూడడం కూడా గమనించదగినవే. అయితే కళ్లలోకి చూసినంత మాత్రాన ఆటిజం లేదని చెప్పలేము. వచ్చిన మాటలు పోవడం ఏ వయసులోనైనా వెంటనే వైద్యునికి తెలుపవలసిన లక్షణం.

16 నుండి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే ప్రశ్నావళి వాడుకలో ఉంది. తల్లిదండ్రులు 20 ప్రశ్నలకు అవును, కాదు అని జవాబిస్తారు. అనుమానం కలిగించే ప్రతి జవాబుకు ఒక మార్కు. 2 వరకు వస్తే ప్రమాదం తక్కువ. రెండేళ్లలోపు బిడ్డకైతే రెండేళ్లు నిండాక మళ్లీ అడగాలి. 3 నుండి 7 వస్తే ఆ జవాబులనే విడమరచి అడుగుతారు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా నిపుణుల వద్దకు పంపుతారు.

ఉదాహరణకు, 20 నెలల బాలునికి 4 మార్కులు వచ్చాయనుకుందాం. అడగడానికి చూపడు, ఆసక్తితో చూపడు, పేరుకు పలకడు, శబ్దాలకు బెదురుతాడు. విడమరచి అడిగితే, బెదిరేది టపాకాయలకు మాత్రమేనని తేలింది. ఆ మార్కు పోయింది. "బిస్కట్ల డబ్బా ఎక్కడుందో వాడికి బాగా తెలుసు" అని నాయనమ్మ అంటుంది. కానీ వాడు డబ్బాను చూపడు. తల్లి చేయి పట్టి లాక్కెళ్లి డబ్బాపై పెడతాడు. అది వేలితో చూపడం కాదు. మిగిలినవి 3. ఈ దశలో 2 మిగిలినా నిపుణులకు చూపించాలి.

ఇది వ్యాధి నిర్ధారణ కాదు. 2014లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, రెండు దశల్లోనూ అనుమానం మిగిలిన పిల్లలలో సుమారు సగం మందికే ఆటిజం తేలింది. తక్కినవారిలో ఎక్కువమందికి ఎదుగుదలలో మరేదో లోపం కనబడింది. పేరుకు పలకని బిడ్డకు వినికిడి పరీక్ష తప్పనిసరి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి. అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. బృందం వచ్చేలోగా "వేలితో చూపడం లేదు" అని అంగన్‌వాడీ కార్యకర్తకు గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ స్పష్టంగా చెప్పాలి.