శాంక్షన్ లెటర్లో ఒక అంకె, కాలేజీకి చేరింది మరొకటి

బ్యాంకు నుంచి ఎడ్యుకేషన్ లోన్ విడుదలైందని మెసేజ్ వచ్చిన రెండు రోజులకే కాలేజీ అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోను. "అమ్మా, మీ బ్యాంకు డబ్బు పడింది. ఇంకా 27,150 రావాలి, గడువు ఈ నెలాఖరే." అమ్మాయి కంగారుగా బ్యాంకుకు మెయిల్ కొడుతుంది: "మీరు 27,150 రూపాయలు తక్కువ పంపారు, వెంటనే పంపగలరు." మర్నాడు ఒక్క ముక్కలో జవాబు: "మార్జిన్ పోను పంపాం."

అక్కడితో కథ ఆగిపోతుంది. బ్యాంకు చెప్పింది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఆ 27,150లో కొంత అమ్మాయి ఇంటివాళ్లే కట్టుకోవాల్సింది, కొంత బ్యాంకు పొరపాటు, ఇంకొంత ఎవరూ చెప్పకుండా వేరే దారి పట్టింది. మూడింటినీ కలిపి ఒకే అంకెగా అడిగితే, బ్యాంకు తనకు సులువైన భాగానికి జవాబిచ్చి మిగతాది వదిలేస్తుంది. అందుకే మెయిల్ రాసే ముందు లెక్క విడదీయాలి.

ఇదే ఉదాహరణ తీసుకుందాం. కాకినాడ అమ్మాయి, గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా సీటు. ట్యూషన్ ఫీజు ఏడాదికి 1,20,000, హాస్టల్, మెస్ కలిపి 60,000. అంటే ఏడాదికి 1,80,000, నాలుగేళ్లకు 7,20,000. శాంక్షన్ లెటర్లో లోన్ మాత్రం 6,84,000. ఈ 36,000 తేడాయే మార్జిన్. చాలా బ్యాంకులు పాటించే ఐబీఏ నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు మార్జిన్ లేదు. అది దాటితే మన దేశంలో చదువుకు 5 శాతం, విదేశీ చదువుకు 15 శాతం కుటుంబం పెట్టుకోవాలి. దీన్ని మొదటి ఏడాదే మొత్తం కట్టాల్సిన పనిలేదు. ఏ ఏడాది విడతకు ఆ ఏడాది వాటా కడితే చాలు. కాబట్టి మొదటి ఏడాది ఇంటివాళ్ల వాటా 9,000. శాంక్షన్ లెటర్ వెనక పేజీలోని విడతల పట్టికలో మొదటి ఏడాది ఎదురుగా 1,71,000 అని ఉన్నది అందుకే.

ఇక్కడే అమ్మాయి తడబడింది. కాలేజీకి చేరింది 1,52,850. దాన్ని ఫీజుతో పోల్చింది. పోల్చాల్సింది విడతల పట్టికతో. అప్పుడు అసలు తగ్గింది 18,150 అని తేలుతుంది. మిగతా 9,000 నాన్నగారు కట్టాల్సిందే.

మరి ఈ 18,150 ఎటు పోయింది? కాలేజీ రసీదు చూస్తే తెలియదు. లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్ తీయాలి. అందులో అప్పుగా రాసుకున్న మొత్తం కూడా 1,52,850 మాత్రమే అయితే, బ్యాంకు తక్కువ ఇచ్చిందంతే. దానికి మించి ఉంటే, ఆ పైమొత్తం మీ పేరున అప్పుగా పడి ఇంకెక్కడికో వెళ్లిందని అర్థం. మన ఉదాహరణలో స్టేట్‌మెంట్ 1,62,450 చూపిస్తోంది. ఒక వరస కాలేజీకి వెళ్లిన 1,52,850. దాని పైవరస 9,600, ఒక బీమా కంపెనీ పేరున. అప్పు తీరేలోపు విద్యార్థికి ఏమైనా జరిగితే బాకీ తీర్చే బీమా అది. ప్రీమియం లోన్లోంచే కట్టారు కాబట్టి దానికీ వడ్డీ నడుస్తుంది.

ఇక మిగిలింది 8,550. ఇది 1,71,000లో సరిగ్గా 5 శాతం. అంటే మార్జిన్ తీసేశాక వచ్చిన అంకె మీద బ్రాంచిలో ఎవరో మళ్లీ మార్జిన్ కోశారు. కావాలని చేసింది కాకపోవచ్చు గానీ, ఎవరూ అడగకపోతే నాలుగేళ్లూ అలాగే సాగుతుంది.

లోటు కనపడ్డ ప్రతిసారీ తప్పు బ్యాంకుదే అనుకోనక్కర్లేదు. శాంక్షన్ మొత్తం ఒక గరిష్ఠ పరిమితి. బ్యాంకు పంపేది కాలేజీ ఇచ్చే డిమాండ్ లెటర్ చూసి. ఆ లెటర్లో ఒక సెమిస్టర్ ఫీజే ఉంటే సగమే వస్తుంది. ముందే సొంత డబ్బుతో కట్టేసిన ఫీజు తిరిగి రావాలంటే రసీదులు చూపాలి. ఇవి రెండూ సరిచూసుకున్నాకే మెయిల్.

లోన్ దరఖాస్తులో ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే పంపాలి. వేరే ఐడీ నుంచి వెళితే ఖాతా వివరాలు చెప్పలేమంటారు, అది న్యాయమే. ఆధార్, పాన్ నంబర్లు రాయనక్కర్లేదు, అకౌంట్ నంబరు చివరి నాలుగు అంకెలు చాలు. మెయిల్ ఇలా ఉంటే సరిపోతుంది:

"గౌరవనీయులైన బ్రాంచి మేనేజరు గారికి, నమస్కారం. నా ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్లోని విడతల పట్టిక ప్రకారం మొదటి ఏడాదికి మార్జిన్ పోను 1,71,000 విడుదల కావాలి. కాలేజీకి 1,52,850 చేరింది. లోటు 18,150. ఇందులో 9,600 బీమా ప్రీమియంగా లోన్ స్టేట్‌మెంట్లో కనిపిస్తోంది. శాంక్షన్ లెటర్లో గానీ, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్లో గానీ ఈ ప్రీమియం లేదు. దీనికి నేను గానీ మా నాన్నగారు గానీ సంతకం చేసిన పత్రం ఉంటే నకలు పంపగలరు. మిగిలిన 8,550 మార్జిన్ రెండోసారి తగ్గించడం వల్ల వచ్చిన తేడా అనిపిస్తోంది, పరిశీలించి విడుదల చేయగలరు. మా వాటా 9,000 మేం కట్టాం, రసీదు జతపరిచాను. కాలేజీ గడువు ఈ నెలాఖరు. ఆలోగా వీలుకాకపోతే, మిగతా మొత్తం పరిశీలనలో ఉందని కాలేజీకి ఒక లేఖ ఇప్పించగలరు."

ఇందులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. శాంక్షన్ లెటర్, డిమాండ్ లెటర్, స్టేట్‌మెంట్, రెండు రసీదులు జత చేస్తే, చదివే ఆఫీసరు ఇంకో కాగితం అడగకుండా లెక్క సరిచూడగలడు.

కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ప్రస్తావన ఊరికే పెట్టింది కాదు. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నిటికీ వడ్డీ, చార్జీలు ఒకేచోట చూపే ఈ పత్రం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. బ్యాంకు ద్వారా వసూలయ్యే బీమా చార్జీలు కూడా అందులో ఉండాలి. అక్కడ చూపని చార్జీని లోన్ తీసుకున్నవారి స్పష్టమైన అంగీకారం లేకుండా వేయకూడదు. అందుకే మెయిల్లో "బీమా ఎందుకు కట్టారు" అని కాకుండా "సంతకం చేసిన పత్రం చూపండి" అని అడగడం.

బ్రాంచికి వెళ్తే ఎక్కువగా వినపడే మాట, "రెండో ఏడాదిలో సర్దేస్తాంలేమ్మా." ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు, కాకపోతే మెయిల్లో రాయించుకోవాలి. వచ్చే ఏడాదికి ఆ ఆఫీసరు బదిలీ అయిపోతే కొత్తగా వచ్చినవారికి కనిపించేది పట్టికలోని 1,71,000 ఒక్కటే.

వారం దాటినా జవాబు రాకపోతే అదే మెయిల్‌ను బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి పంపి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. కౌంటర్ దగ్గర నోటిమాటగా అడిగింది ఈ లెక్కలోకి రాదు.

ఇలాంటి కేసులో 8,550 తేలిగ్గానే వస్తుంది, ఎందుకంటే కూడికలు, తీసివేతలతో తేలిపోయే తప్పు అది. యూటీఆర్ నంబరు తీసుకుని కాలేజీ ఖాతాలో పడిందో లేదో చూసుకుంటే సరి. పేచీ అంతా బీమా దగ్గరే. లోన్ కాగితాల కట్టలో బీమా దరఖాస్తు కూడా కలిపి సంతకాలు పెట్టించి ఉంటే, ఆ నకలు బయటికొస్తుంది. అప్పుడైనా దారి పూర్తిగా మూసుకుపోదు. పాలసీ పత్రం చేతికొచ్చాక 30 రోజుల్లోపు వద్దనుకునే వీలు సాధారణంగా ఉంటుంది. ఆ గడువులోగా బీమా కంపెనీకే రాసి, స్వల్ప కోతలు పోను ప్రీమియాన్ని లోన్ అకౌంట్‌కే తిప్పి పంపమని అడగాలి.