మంజూరైన లోడ్ అంటే ఆ ఒక్క అరగంట లెక్క

కిందటి వేసవిలో మా వదిన ఫోన్ చేసింది. "ఏమయ్యా, యూనిట్లు పోయిన ఏడాదికంటే పెద్దగా ఏం పెరగలేదు. మరి లోడ్ ఎక్కువైందని ఈ నోటీసేమిటి?" వెళ్లి బిల్లు చూశాను. కాంట్రాక్టెడ్ లోడ్ 2 కిలోవాట్లు. దాని దగ్గరే ఆర్‌ఎండీ 3.4 అని ఉంది. నోటీసు వచ్చింది ఆ రెండో అంకె వల్లే. దానికీ యూనిట్ల మొత్తానికీ నేరుగా సంబంధం లేదు.

యూనిట్లు నెలంతా మనం ఎంత వాడామో చెబుతాయి. లోడ్ అయితే ఒకే సమయంలో ఎంత లాగామో చెబుతుంది. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయన్నది ఒక లెక్క, పైపు ఎంత లావున్నదన్నది వేరే లెక్క. కనెక్షన్ తీసుకునేటప్పుడు 'ఒక్కసారిగా ఇంతకు మించి లాగను' అని మనం ఒప్పుకున్న హద్దే కాంట్రాక్టెడ్ లోడ్. దీన్నే మంజూరైన లోడ్ అని కూడా అంటాం. వీధిలోని ఇళ్లన్నీ ఇలా ఒప్పుకున్న లోడ్లను బట్టే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, లైను, ట్రాన్స్‌ఫార్మర్ సైజు నిర్ణయిస్తారు.

ఇక ఆర్‌ఎండీ. అంటే ఆ నెలలో మీటరు నమోదు చేసిన గరిష్ఠ డిమాండు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మిక్సీ ఆన్ చేసిన క్షణంలో లోడ్ ఎంతకు ఎగిరిందో మీటరు పట్టించుకోదు. రోజును అరగంటల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో కాలిన యూనిట్లను రెండుతో గుణిస్తుంది. అదే ఆ అరగంట సగటు లోడ్. నెల మొత్తంలో అన్నిటికంటే పెద్దగా వచ్చిన అరగంట ఒక్కటే బిల్లుకెక్కుతుంది. మిగతా పద్నాలుగు వందల అరగంటలు ఎంత పొదుపుగా గడిచినా ఆ అంకె తగ్గదు.

మా వదిన ఇంటి లెక్కే చూద్దాం. పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా గీజరు, నీళ్ల మోటారు, మిక్సీ, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ నడుస్తాయి. అన్నీ ఒకేసారి ఆన్‌లో ఉన్న క్షణంలో లోడ్ 4 కిలోవాట్లు దాటుతుంది. కానీ 2 కిలోవాట్ల గీజరు ఇరవై నిమిషాల్లో నీళ్లు కాచి ఆగిపోతుంది. మోటారు పావుగంటే తిరుగుతుంది. మిక్సీ అయిదు నిమిషాలు. అరగంటలో కాలింది మొత్తం 1.13 యూనిట్లు, అంటే సగటు లోడ్ 2.3 కిలోవాట్లు. హద్దు దాటింది కానీ కొద్దిగానే.

అసలు దెబ్బ రాత్రి పడింది. మే నెలలో పది గంటలకు రెండు గదుల్లోనూ ఏసీలు ఒకేసారి వేస్తారు. ఒక్కోటీ టన్నున్నర. గది వేడిగా ఉన్నంతసేపు రెండూ 1.5 కిలోవాట్ల చొప్పున పూర్తి జోరుగా నడుస్తాయి. అరగంటలో ఏసీలకే 1.5 యూనిట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీకి మరో 0.2. మొత్తం 1.7 యూనిట్లు. రెండుతో గుణిస్తే 3.4. నోటీసుకు కారణమైన అంకె అదే. గది చల్లబడ్డాక ఇన్వర్టర్ ఏసీ జోరు తగ్గించుకుంటుంది కాబట్టి నెల మొత్తం మీద యూనిట్లు అంతగా పెరగలేదు.

లోడ్ హద్దు దాటగానే ఇంట్లో కరెంటు పోతుందని కొందరి అనుమానం. మన దగ్గర మామూలు మీటర్లతో అలా జరగదు. మంజూరు లోడ్ కాగితం మీది అంకె. మెయిన్ స్విచ్ దగ్గరున్న ఎంసీబీకి ఆ అంకె తెలియదు, దానికి తెలిసింది ఆంపియర్లే. 5 కిలోవాట్లంటే దాదాపు 22 ఆంపియర్లు. ఇంటికి 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే, 2 కిలోవాట్ల కనెక్షన్ మీద 5 కిలోవాట్లు లాగినా అది పడదు.

కష్టం బయట మొదలవుతుంది. తక్కువ లోడ్‌కని వేసిన సన్నని సర్వీసు వైరు వేడెక్కుతుంది, ముందుగా అతుకుల దగ్గర. స్తంభం దగ్గర వైరు తొడుగు నల్లబడటం, ఏసీ వేయగానే లైట్లు మందగించడం, ఫ్యూజు మాటిమాటికీ పోవడం దాని గుర్తులు. వీధిలో పది ఇళ్లు ఇలాగే చేస్తే 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మే నెల రాత్రిపూట చేతులెత్తేస్తుంది.

డబ్బు సంగతికొస్తే, అదనపు లోడ్ కనిపిస్తే డిస్కమ్ నోటీసిస్తుంది. ఆ లోడ్ తగ్గించుకోవాలి, లేదా డెవలప్‌మెంట్ ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టి క్రమబద్ధం చేయించుకోవాలి. నోటీసును పక్కన పడేస్తే కనెక్షన్ తీసేసే దాకా పోవచ్చు. స్మార్ట్ మీటర్లున్న ఇళ్లకు కేంద్రం 2023లో వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు హద్దు దాటితేనే మంజూరు లోడ్‌ను సవరించాలి. అదీ ఆ దాటిన నెలల అంకెల్లో అన్నిటికంటే తక్కువదాన్ని బట్టి. పెళ్లికో పండగకో ఒక్క నెల పెరిగితే లోడ్ శాశ్వతంగా మారిపోదన్నమాట. ఆ నెల బిల్లు మాత్రం నమోదైన డిమాండు ప్రకారమే వస్తుంది.

మరి ఎంత పెట్టించుకోవాలి? ఇంట్లో ఉన్న వస్తువులన్నీ కూడితే మా వదిన ఇంట్లో దాదాపు 9 కిలోవాట్లు తేలింది. ఇస్త్రీ పెట్టె, గీజరు, రెండు ఏసీలు, మోటారు, వాషింగ్ మెషీను అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఏసీలు నడిచే రాత్రి గీజరు వేయరు, బట్టలు ఇస్త్రీ చేయరు. 9కి దరఖాస్తు పెట్టడం దండగ. పైగా 5 కిలోవాట్లు దాటితే మామూలుగా త్రీ ఫేజ్ తీసుకోవాలి, మీటరూ వైరింగూ మార్చుకోవాలి.

అందుకని ఏడాది బిల్లుల్లో ఆర్‌ఎండీ చూశాం. పాత బిల్లులు లేకపోతే మీటరు మీద బటన్ నొక్కుతూ పోతే తెర మీద MD అని, పక్కన kW అని కనిపించే అంకె ఈ నెలది. ఆమెకు శీతాకాలంలో 2.3, ఏప్రిల్‌లో 3.1, మేలో 3.4 వచ్చింది. పెద్ద అంకెను పైనున్న పూర్ణ సంఖ్యకు పెంచితే 4. ఒక ఏసీని తొమ్మిదిన్నరకే వేసి, రెండోది పదికి వేస్తే 3 కిలోవాట్లతో సరిపెట్టుకోవచ్చు. కానీ ఉక్కపోత రాత్రి ఆ క్రమశిక్షణ ఎంతమందికి సాధ్యం? ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. రెండు కిలోవాట్లు పెరిగితే ఏడాదికి అదనంగా 240 రూపాయలు, ఒక్కసారి కట్టే ఛార్జీలు వేరు. ఆమె 4కే దరఖాస్తు పెట్టింది.

విద్యుత్ కారు కొనే ఆలోచన ఉంటే మాత్రం లెక్క మారుతుంది. 15 ఆంపియర్ల ప్లగ్‌కు పెట్టే ఛార్జరు దాదాపు 3.3 కిలోవాట్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. గీజరులా మధ్యలో ఆగదు కాబట్టి అరగంట సగటులో మొత్తం పడుతుంది. రాత్రి ఏసీలతో కలిపితే 5 కిలోవాట్లు దాటిపోతుంది. త్రీ ఫేజ్ గురించి కారు కొనకముందే ఆలోచించాలి.

ఒక మాట మరవకండి. లోడ్ పెరిగిందని బిల్లులో అంకె మారినంత మాత్రాన గోడలోని తీగలు లావెక్కవు. మంజూరు వచ్చాక సర్వీసు వైరునూ, ఏసీ ప్లగ్‌కు వెళ్లే తీగనూ ఒకసారి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. మా వదిన ఇంట్లో స్తంభం వైపు అతుకు అప్పటికే నల్లబడి ఉంది.