ఆరు మైక్రాన్లు ఎటు పోయాయి?

డ్రాయింగ్‌లో రంధ్రం పక్కన 25 హెచ్7 అని ఉంటే, అది 25.000 మిల్లీమీటర్ల కంటే చిన్నది కాకూడదు, 25.021 దాటకూడదు అని అర్థం. అంటే మెషీన్ దగ్గర నిలబడిన పనివాడికి డిజైనర్ ఇచ్చిన వెసులుబాటు 21 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, అందులో మూడో వంతు కూడా లేదు. ఆ కాస్త కూడా పనివాడికి పూర్తిగా దక్కదు. కొంత వాటాను కొలిచే గేజే ముందుగా తీసేసుకుంటుంది.

ఒకేలాంటి రంధ్రాలు వందల్లో తయారయ్యే చోట ప్రతిదాన్నీ మైక్రోమీటరుతో కొలుస్తూ కూర్చుంటే పని సాగదు. అందుకే ప్లగ్ గేజ్ వాడతారు. చేతిపిడికి అటూ ఇటూ నునుపైన ఉక్కు స్తంభాలు ఉంటాయి. ఒకటి గో, రెండోది నో-గో. గో లోపలికి దిగాలి, నో-గో దిగకూడదు. రెండూ అలాగే జరిగితే రంధ్రం మంచిది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తికమకపడే సంగతి ఒకటుంది. రెండింటిలో సన్నది గో. అది రంధ్రపు కింది హద్దును కాపలా కాస్తుంది. పై హద్దు బాధ్యత నో-గోది.

అలాగైతే గో 25.000, నో-గో 25.021 అని రాసి గేజ్ చేసేవాడికి ఇచ్చేస్తే సరిపోదా? సరిపోదు. గేజ్‌ను కూడా ఎవరో ఒకరు గ్రైండింగ్ చేసి, ల్యాపింగ్ చేసి తయారుచేయాలి. సరిగ్గా 25.000 దగ్గర ఆపడం ఎవరికీ సాధ్యం కాదు. ఆయనకూ కొంత వెసులుబాటు ఇవ్వాలి. పనికి ఇచ్చిన టాలరెన్స్‌లో పదో వంతు గేజ్ తయారీదారుకు అన్నది వర్క్‌షాపుల్లో బాగా పాతుకుపోయిన లెక్క. 21లో పదో వంతు 2.1. దాన్ని 2 మైక్రాన్లుగా తీసుకుందాం.

ఆ రెండు మైక్రాన్లను ఏ వైపు వేయాలన్నదే అసలు ప్రశ్న. గో గేజ్ 24.998కి తయారైందనుకోండి. 24.999 ఉన్న రంధ్రంలోకి కూడా అది దిగిపోతుంది. డ్రాయింగ్ ఒప్పుకోని రంధ్రం పాసైపోతుంది. కాబట్టి గోకి ఇచ్చే వెసులుబాటు పైకే ఉండాలి. నో-గోకి ఇది తిరగబడుతుంది. అది 25.023 అయితే, 25.022 ఉన్న రంధ్రంలోకి దిగక దాన్ని మంచిదని చూపిస్తుంది. కాబట్టి దానికి వెసులుబాటు కిందికే ఉండాలి. రెండు వెసులుబాట్లూ రంధ్రపు టాలరెన్స్ లోపలే ఉంటే, గేజ్ ఎలా తయారైనా తప్పుడు రంధ్రం బయటికి పోదు.

ఇక అరుగుదల. మంచి రంధ్రం ప్రతిదానిలోనూ గో దిగి బయటికి వస్తుంది. పోత ఇనుము ధూళి, సన్నని రజను దాన్ని రోజూ రాస్తూనే ఉంటాయి. నో-గో మాత్రం మంచి రంధ్రంలోకి దిగనే దిగదు, అంచును తాకి ఆగిపోతుంది. అందుకే అరుగుదలకు అదనపు లోహం ఇచ్చేది గోకి మాత్రమే. దాన్ని కూడా పదో వంతుగా, 2 మైక్రాన్లుగా తీసుకుంటే లెక్క ఇలా వస్తుంది:

```
గో కింది హద్దు   : 25.000 + 0.002 = 25.002
గో పై హద్దు      : 25.002 + 0.002 = 25.004
నో-గో కింది హద్దు : 25.021 - 0.002 = 25.019
నో-గో పై హద్దు    : 25.021
```

ఇప్పుడు పనివాడి వైపు నుంచి చూడండి. గో 25.004కి, నో-గో 25.019కి తయారై వస్తే, ఆయనకు మిగిలేది ఈ రెండింటి మధ్య ఉన్న 15 మైక్రాన్లే. ఆరు పోయాయి, అంటే పావు వంతు కంటే ఎక్కువ. 25.003 ఉన్న రంధ్రం డ్రాయింగ్ ప్రకారం నిక్షేపంగా ఉన్నా, ఈ కొత్త గేజ్ దాన్ని తిప్పికొడుతుంది. కొనేవాడికి చెడ్డ ముక్క వెళ్లకుండా ఉండటానికి చేసేవాడు చెల్లించే మూల్యం ఇది. తయారీ విభాగం, ఇన్‌స్పెక్షన్ విభాగం మధ్య వచ్చే తగాదాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది. రెండుచోట్లా గేజ్‌లు ఉంటాయి కానీ వాటి కొలతలు ఒకటి కావు. దీనికి పాతకాలం నుంచి ఒక చక్కని ఉపాయం ఉంది. కొత్త గేజ్‌ను తయారీ వాళ్లకిచ్చి, కొంత అరిగి 25.000కి దగ్గరపడిన గోను ఇన్‌స్పెక్షన్‌కి ఇస్తారు. లావుగా ఉన్న కొత్త గో దిగిన రంధ్రంలో సన్నబడిన పాత గో తప్పకుండా దిగుతుంది. గో వైపు పేచీ రాదు.

అరుగుదల వాటా దగ్గర పుస్తకాలన్నీ ఒకే మాట చెప్పవు. కొన్ని పాఠ్యపుస్తకాల్లో అది గేజ్ టాలరెన్స్‌లో పదో వంతు. మన ఉదాహరణలో ఆ లెక్క 0.2 మైక్రాన్లు ఇస్తుంది. పరీక్ష పేపరులో మార్కులు వస్తాయేమో కానీ, మామూలు షాపులో అంత చిన్న తేడాను నమ్మకంగా కొలవడమే కష్టం. బ్రిటిష్ పద్ధతిలో పని టాలరెన్స్ 0.09 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే అరుగుదల వాటా అసలు ఇవ్వరు. అందులో న్యాయం ఉంది. 21 మైక్రాన్లలోంచి ఇంకా రెండు లాక్కోవడం కంటే, గోను 25.000 నుంచి 25.002 మధ్య చేయించి, తరచుగా తనిఖీ చేసి, అరగగానే మార్చేయడం పనివాడికి మేలు. టంగ్‌స్టన్ కార్బైడ్ గేజ్‌లు ఖరీదైనవే అయినా ఇలాంటిచోట ఆ ఖర్చు గిట్టుతుంది. అదే టాలరెన్స్ 100 మైక్రాన్లు ఉన్న 40 హెచ్10 రంధ్రానికి అయితే అరుగుదలకు కొన్ని మైక్రాన్లు ఇచ్చినా ఎవరికీ నొప్పి తెలియదు. కాబట్టి లెక్క మొదలుపెట్టేముందు కంపెనీ ఏ పద్ధతిని పాటిస్తుందో అడిగి తెలుసుకోవాలి. రెండు పద్ధతులను కలిపేస్తే వచ్చే గేజ్ ఏ పద్ధతికీ చెందదు.

గో అరిగిపోయిందని ఎలా తెలుస్తుంది? ముందుగా దిగే కొస ముందుగా అరుగుతుంది. అందుకే స్లిప్ గేజ్‌లతో సెట్ చేసిన కంపారేటర్ కింద దాన్ని ముందు, మధ్య, వెనక మూడుచోట్లా కొలవాలి, తిప్పి మళ్లీ కొలవాలి. వెనక 25.003 ఉండి ముందు కొస 25.000కి చేరితే గేజ్ పని అయిపోయినట్టే. మధ్యలో ఒక్కచోట కొలిచి సరే అనుకుంటే ఈ సంగతి దొరకదు.

లెక్కంతా సరిగా చేసినా వేడి దాన్ని పాడుచేయగలదు. గేజ్ మీద చెక్కిన కొలత 20 డిగ్రీల దగ్గరది. ఉక్కు గేజ్‌తో ఉక్కు రంధ్రాన్ని చూసేటప్పుడు రెండూ ఒకే వేడిలో ఉంటే చిక్కులేదు, కలిసి వ్యాకోచిస్తాయి. మెషీన్ మీంచి అప్పుడే దించిన ముక్క గేజ్ కంటే 10 డిగ్రీలు వేడిగా ఉంటే, 25 మిల్లీమీటర్ల రంధ్రం దాదాపు 3 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. గేజ్ తయారీదారుకు ఇచ్చిన వాటా మొత్తం కంటే అది ఎక్కువ. అల్యూమినియం అయితే ఇద్దరినీ ఒకే గదిలో ఉంచినా చాలదు. మన వేసవిలో షెడ్డు 40 డిగ్రీలకు చేరితే, అల్యూమినియం రంధ్రం ఉక్కు గేజ్ కంటే సుమారు 6 మైక్రాన్లు ఎక్కువ పెరుగుతుంది. ఉదయం పాసైన ముక్కలు ఫలానా మధ్యాహ్నం నో-గోకి లొంగిపోతున్నాయంటే మెషీన్‌ను తిట్టేముందు థర్మామీటరు చూడాలి.

ఈ లెక్క పట్టుకోలేనిది ఒకటుంది. రంధ్రం కోడిగుడ్డులా ఒకవైపు 25.010, అడ్డంగా 25.030 ఉందనుకోండి. గో దిగుతుంది. గుండ్రని నో-గో మాత్రం సన్నని వైపున పట్టుకుని ఆగిపోతుంది. రంధ్రం చెడ్డదే అయినా రెండు పరీక్షలూ పాసయ్యాయి. 1905లో బ్రిటన్‌లోని విలియం టేలర్ చెప్పిన సూత్రం దీని గురించే. గో రంధ్రపు రూపాన్నంతా ఒకేసారి చూడాలి, నో-గో ఒక్కో కొలతను విడివిడిగా చూడాలి. దాని ప్రకారం గోను పొడుగ్గా, నో-గోను పొట్టిగా చేస్తారు. కానీ గుండ్రంగా ఉన్నంతకాలం పొట్టి నో-గో కూడా కోడిగుడ్డు ఆకారాన్ని పట్టలేదు. అనుమానం వచ్చిన ముక్కలో రెండు బిందువుల బోర్ గేజ్ పెట్టి, నాలుగు దిక్కులా తిప్పి చూస్తే 25.030 బయటపడుతుంది.